గిల్టు నగల ఫొటోలు, ఒక బ్యాట్ ఫైలు, అక్క షాపు ఆర్డర్లు: మొత్తం ఎలా చేశామంటే

మా అక్కకి గుడివాడలో చిన్న ఫ్యాన్సీ షాపు. అసలు బేరమంతా రోల్డ్ గోల్డే, చిలకలపూడి సరుకు. పదిహేను రోజులకోసారి బందరు బస్సెక్కి వెళ్ళి రెండు సంచుల నగలు పట్టుకొస్తది, జుంకాలు, హారాలు, వంకీలు, నల్లపూసలు, పాపిటబిల్లలు, వచ్చినప్పుడల్లా వంద నూటిరవై రకాలు ఉంటాయి. షాపుకి వచ్చేవాళ్ళు ఎలాగూ వస్తారు, దాంతోపాటు రెండేళ్ళ నించి వాట్సాప్ కేటలాగు, ఇన్‌స్టా పేజీ కూడా నడుపుతోంది. వారానికి ఐదో ఆరో ఆర్డర్లు వచ్చేవి, అంతకు మించి కదిలేది కాదు.

జూన్‌లో వాళ్ళింటికి వెళ్తే రాత్రి పదకొండింటికి మంచం మీద కూర్చుని ఫోన్‌లో జుంకా చుట్టూ వేలితో గీస్తా ఉంది, బ్యాక్‌గ్రౌండ్ తీసే యాప్ అంట. జుంకా కింద వేలాడే చిన్న బుట్టల మధ్య సందులు ఆ యాప్‌కి తెలియట్లా, ఒక్కో సందూ చేత్తో చెరపాలి. "ఒరేయ్, నాలుగు రోజుల నించి ఇదే పని, ఇంకా సంచిలో సగం పైనే ఉన్నాయి, అవి ఎక్కించేలోపు మళ్ళీ బందరు వెళ్ళాల్సిన రోజొస్తది" అంది. నాకు ఫొటోలు తీసే సరదా, ఆఫీసులో స్క్రిప్టులు రాసే పని, సరే చూద్దామని కూర్చున్నా. మేం చేసింది, మధ్యలో చెడగొట్టుకుంది అంతా రాస్తున్నా, కావాల్సినవాళ్ళు అలాగే చేసుకోవచ్చు. విండోస్ లాప్‌టాప్ ఒకటి, ఉన్న ఫోనే చాలు, కొత్తగా కొన్నవి 450 రూపాయల స్టాండు, తర్వాత కొన్ని ప్లాస్టిక్ ట్రేలు, అంతే.

ముందు గడియారం పెట్టి లెక్కేయండి

మర్నాడు పొద్దున అక్క పది నగలు ఎప్పట్లాగే చేస్తుంటే నేను పక్కన కూర్చుని టైం రాసుకున్నా. పదింటికి అరవై రెండు నిమిషాలు. అందులో ఫొటో తీయడానికి పట్టింది పన్నెండు నిమిషాలే, మిగతా యాభై బ్యాక్‌గ్రౌండ్ చెరపడం, చతురస్రంగా కత్తిరించడం, పసుపు తగ్గించడం, కోడ్ పేరు పెట్టడం. ఒక్కోటి ఆరు నిమిషాలు అనుకుంటే 120 రకాలకి పన్నెండు గంటలు. షాపులో కూర్చుని, వంట చేసి, పిల్లల్ని చూసుకునే మనిషికి పన్నెండు గంటలు ఎక్కడ దొరుకుతాయి, అందుకే 120లో ఏ ముప్పయ్యో నలభయ్యో ఎక్కేవి, మిగతావి షాపులో అద్దాల వెనకే ఉండిపోయేవి. ఫొటోలు బాలేవు కాబట్టి అమ్మట్లేదని అక్క అనుకుంటోంది గానీ నాకు కనపడిన జబ్బు వేరే, సగం సరుక్కి అసలు ఫొటోనే లేదు.

వెలుతురు: షాపులో మాత్రం తీయొద్దు

నగల షాపుల్లో పసుపు ఫోకస్ లైట్లు పెడతారు కదా, గిల్టు కూడా కాసులపేరులా మెరవాలని. పైన తెల్ల ట్యూబులైటు, కింద పసుపు ఫోకసు, వీధిలోంచి పగటి వెలుతురు, ఈ మూడూ కలిసిన చోట తీస్తే ఒకే హారం ఒకవైపు నారింజ, ఒకవైపు నీలం. అది ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా సరిచేయలేదు, ఎందుకంటే ఒకే ఫొటోలో రెండు మూడు రంగుల వెలుతురు ఉంది, ఒకటి సరిచేస్తే ఇంకోటి చెడుద్ది.

మేం మేడమీద గదిలో ఉత్తరం కిటికీ దగ్గరికి మార్చాం, ఉత్తరం వైపు ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ నేరుగా పడదు కాబట్టి వెలుతురు మెల్లగా మారుద్ది. గదిలో లైట్లన్నీ ఆపేశాం. కిటికీకి బావ తెల్ల పంచె ఒకటి రెండు మడతలేసి కట్టాం, నవ్వకండి, దానికంటే మంచి డిఫ్యూజర్ ఆ రోజు దొరకలా. టేబుల్ మీద తెల్ల డ్రాయింగ్ షీటు, కిటికీకి ఎదురువైపు థర్మాకోల్ షీటు నిలబెట్టాం, నీడ వైపుకి వెలుతురు తిరిగి కొట్టడానికి.

గిల్టు నగ అద్దం లాంటిది, ఎదురుగా ఏది ఉంటే అది కనపడుద్ది. నునుపు గాజుల మీద నల్లగా ఒక గీత వస్తుంటే ఏంటా అని చూస్తే అది మా ఫోనే. తెల్ల చార్ట్ పేపరుకి రూపాయి బిళ్ళంత కన్నం చేసి, ఆ కన్నంలోంచి లెన్సు మాత్రమే చూసేలా ఫోనుకి ముందు అంటించాం, అంతే, గీత పోయింది.

స్టాండు, ఫోన్ సెట్టింగులు

స్టాండుకి ఫోను బిగించి నేరుగా కిందికి చూసేలా పెట్టాక ఇక కదపకూడదు. టేబుల్ మీద షీటు చుట్టూ టేపుతో గుర్తులు పెట్టుకోండి, స్టాండు కాళ్ళకి కూడా. స్క్రిప్టు కంటే ఈ స్టాండే ముఖ్యమని నా లెక్క, ఎందుకంటే తర్వాత చేసే పనంతా ప్రతి ఫొటో ఒకే చోటి నించి, ఒకే వెలుతురులో, ఒకే సెట్టింగుతో తీశారన్న నమ్మకం మీదే నడుస్తది.

ఫోన్‌లో ప్రో మోడ్ పెట్టండి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంటే, ఫ్రేము నిండా బంగారు రంగు కనపడగానే ఫోను "అబ్బో పసుపు ఎక్కువైంది" అనుకుని నీలం కలుపుద్ది, చిన్న కమ్మల ఫొటో ఒక రంగు, పెద్ద హారం ఇంకో రంగు వస్తది, రెండూ ఒకే పాలిష్ అయినా సరే. అందుకని 5200 దగ్గర కట్టేశాం, నంబరు కచ్చితంగా అదే కానక్కర్లేదు, మారకుండా ఉంటే చాలు. ఐఎస్ఓ 100, షట్టరు కూడా కట్టేయాలి, ఫోకస్ మాత్రం ఆటో ఉన్నా పర్లేదు. హెచ్‌డీఆర్, సీన్ ఆప్టిమైజర్ లాంటివి ఆపేయాలి, అవి ఒక్కో ఫొటోకి ఒక్కోలా మెరుగులు దిద్దుతాయి. మూడు సెకన్ల టైమరు పెడితే వేలు తగిలి కదలడం ఉండదు.

ఖాళీ కాగితం ఫొటో, ఇందులోనే ఉంది అసలు కిటుకు

మొదట నేను కూడా బ్యాక్‌గ్రౌండ్ ఎలా కత్తిరించాలా అనే ఆలోచించా. తర్వాత తట్టింది, కత్తిరించడం దేనికి, వెనక ఉన్నది తెల్ల కాగితమే కదా, ఆ కాగితం ఫొటోలో కూడా తెల్లగా ఉంటే చాలు. కానీ ఉండదు. కిటికీ వైపు తెల్లగా, అటు చివర బూడిద రంగులో, మొత్తం మీద కొంచెం పసుపుగా వస్తది.

దానికి మందు ఏంటంటే, నగ ఏమీ పెట్టకుండా ఖాళీ కాగితాన్ని అదే స్టాండు మీద నించి అవే సెట్టింగులతో ఒక ఫొటో తీయాలి. ఇప్పుడు ప్రతి నగ ఫొటోనీ ఈ ఖాళీ ఫొటోతో భాగించాలి, నిజంగానే భాగహారం, చుక్క చుక్కకీ. ఒక మూల కాగితం వెలుగు 0.70 ఉందనుకోండి, నగ ఫొటోలో కూడా ఆ మూల 0.70 ఉంటది, 0.70ని 0.70తో భాగిస్తే 1, అంటే స్వచ్ఛమైన తెలుపు. నడుమ 0.88 ఉంటే అక్కడా 1 వస్తది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా భాగిస్తారు కాబట్టి కాగితం మీద ఉన్న పసుపు కూడా పోద్ది, దాంతోపాటు నగ మీద పడిన పసుపు వెలుతురూ పోద్ది. జుంకా బుట్టల మధ్య సందుల్లో కనపడేది కూడా కాగితమే, అది కూడా తెల్లబడుద్ది, ఎవరూ వేలితో గీకక్కర్లా.

ఒక షరతు ఉంది. ఖాళీ ఫొటో మరీ తెల్లగా, అంటే వెలుతురు ఎక్కువై చచ్చిపోయి ఉండకూడదు, అప్పుడు అందులో సమాచారమే ఉండదు. లాప్‌టాప్‌లో ఇమేజ్‌మ్యాజిక్ అనే ఉచిత ప్రోగ్రాము వేసుకుని కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొడితే రెండు అంకెలు వస్తాయి:

```
magick blank.jpg -format "%[fx:mean] %[fx:maxima]" info:
```

మొదటిది సగటు, 0.80 నించి 0.88 మధ్య ఉంటే బాగుంటది. రెండోది అన్నిటికంటే వెలుగున్న చుక్క, అది 1 వచ్చిందంటే ఎక్కడో వెలుతురు పొంగిపోయింది, షట్టరు ఒక మెట్టు తగ్గించి మళ్ళీ తీయాలి. మాకు మొదటిసారి 0.96, 1 వచ్చాయి, రెండు మెట్లు తగ్గించాక 0.84, 0.93.

స్క్రిప్టు

ఒక ఫోల్డర్‌లో `blank.jpg` పెట్టండి, దాని పక్కనే `in` అనే ఫోల్డరు, అందులో ట్రే పేరుతో ఇంకో ఫోల్డరు, ఉదాహరణకి `T07`. ట్రే సంగతి కింద చెప్తా. నోట్‌ప్యాడ్‌లో ఇది రాసి అదే ఫోల్డర్‌లో `prep.bat` అని సేవ్ చేయాలి:

```
@echo off
setlocal enabledelayedexpansion
set T=%1
set n=0
mkdir out 2>nul
magick blank.jpg -auto-orient -blur 0x30 blank_b.png
for %%f in (in\%T%\*.jpg) do (
  set /a n+=1
  magick "%%f" -auto-orient blank_b.png ^
  -compose Divide_Src -composite -compose Over ^
  -level 0%%,95%% -clamp -fuzz 6%% -trim +repage ^
  -resize 1700x1700 -background white -gravity center ^
  -extent 2000x2000 -strip -quality 88 "out\%T%-!n!.jpg"
)
echo !n!
```

నడపడానికి ఆ ఫోల్డర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి `prep.bat T07` అని కొట్టాలి.

లోపల ఏం జరుగుతోందో తెలిస్తేనే చెడినప్పుడు సరిచేసుకోగలరు కాబట్టి చెప్తా. `-blur` ఖాళీ ఫొటోని మసక చేస్తది, కాగితం మీద దుమ్ము చుక్క ఉంటే అది ప్రతి నగ ఫొటోలోనూ తెల్ల మచ్చలా రాకుండా. `Divide_Src` పైన చెప్పిన భాగహారం. `-level` లో 95 అంటే ఇంకా కాస్త బూడిదగా మిగిలిన కాగితాన్ని కూడా తెల్లకి నెట్టేయడం. `-trim` నగ చుట్టూ ఉన్న తెలుపంతా కోసేస్తది, అంటే మీరు నగని కొంచెం పక్కకి పెట్టినా పర్లేదు. తర్వాత దాన్ని 1700 కి పెంచి 2000 చతురస్రం మధ్యలో కూర్చోబెడతది. 1700 ఎందుకంటే అమెజాన్ మొదటి ఫొటోకి వెనక స్వచ్ఛమైన తెలుపు, వస్తువు ఫ్రేములో 85 శాతం ఉండాలంటది, 2000లో 85 శాతం 1700. అక్క అమెజాన్‌లో అమ్మట్లేదు గానీ రేపు ఎక్కించాలంటే మళ్ళీ మొదటి నించి చేయక్కర్లేకుండా ఆ కొలతే పెట్టా.

`-compose Over` అనే చిన్న ముక్క మర్చిపోతే నాకు గంటన్నర పోయింది. భాగహారం పద్ధతి అలాగే మిగిలిపోయి చివర చతురస్రం చేసేటప్పుడు కూడా ఇమేజ్‌మ్యాజిక్ భాగించేస్తది, ఫొటో అంతా పిచ్చి రంగులు. ఇంకోటి, బ్యాట్ ఫైల్‌లో శాతం గుర్తు రెండుసార్లు రాయాలి, ఒకటే రాస్తే విండోస్ దాన్ని మింగేస్తది, అప్పుడు కొలతలన్నీ తప్పుతాయి.

`-strip` ఫొటోలో దాక్కున్న వివరాలు తీసేస్తది. ఇంట్లో తీసే ఫొటోల్లో లొకేషన్ ఆన్ ఉంటే ఇంటి చోటు కూడా ఫైల్‌లో ఉంటది, ఆడవాళ్ళు ఇంటి నించి వ్యాపారం చేసేటప్పుడు అది తీసేయడమే మంచిది. ఐఫోన్ వాడేవాళ్ళకి ఒక మాట, దాని ఫొటోల రంగు ప్రొఫైలు వేరే ఉంటది, ఊరికే తీసేస్తే రంగు కొంచెం వెలిసినట్టు వస్తది, ముందు ఎస్‌ఆర్‌జీబీకి మార్చి తర్వాత తీసేయాలి.

ఫోను నించి లాప్‌టాప్‌కి యూఎస్‌బీ కేబులుతోనే ఎక్కించండి. అక్క మొదటిరోజు తనకి తనే వాట్సాప్ చేసుకుని దించింది, వాట్సాప్ ఫొటో సైజు తగ్గించేసింది, పేర్లు మార్చేసింది, ఖాళీ ఫొటో ఒక సైజు నగల ఫొటోలు ఒక సైజు అయ్యేసరికి భాగహారం కుదర్లేదు, ఒక పక్క తెలుపు ఇంకో పక్క బూడిద వచ్చింది.

ట్రే పద్ధతి, అది ఎలా పుట్టిందంటే

మొదట్లో ట్రేలు లేవు. 120 నగలూ స్టాకు పుస్తకంలో ఉన్న వరసలోనే తీసి, వరసలోనే కోడ్ పేర్లు పెట్టేలా రాశా. 34వ నగ దగ్గర అక్కకి ఫొటో కదిలిందనిపించి రెండోసారి తీసింది, మొదటిది చెరపడం మర్చిపోయింది. అంతే, అక్కడి నించి 86 నగల పేర్లూ ఒకటి పక్కకి జరిగిపోయాయి. మాకెవరికీ తెలియదు. నాలుగు రోజుల తర్వాత విజయవాడ నించి ఒకావిడ ఫోను, "నేను ఆర్డరు పెట్టింది లక్ష్మీదేవి లాకెట్టు, మీరు పంపింది మామిడిపిందెల నెక్లెసు" అని. అక్క మొహం చూడాలి. రానూపోనూ కొరియరు ఖర్చు పెట్టుకుని మార్చి పంపింది.

ఇప్పుడు పది గదులున్న ప్లాస్టిక్ ట్రేలు, బటన్లు పెట్టుకునేవి, పన్నెండు కొన్నాం. ప్రతి ట్రేకి నంబరు, గదులకి 1 నించి 10. నగ ఏ గదిలో ఉందో అదే దాని కోడు, T07-3 అంటే ఏడో ట్రే మూడో గది. స్టాకు పుస్తకంలో కూడా అదే రాస్తది, ఆర్డరు వచ్చినప్పుడు వెతుక్కునేది కూడా అదే గదిలో. స్క్రిప్టు చివర్లో ఎన్ని ఫొటోలో అంకె చూపిస్తది, 10 రావాలి, 11 వచ్చిందంటే ఎక్కడో రెండుసార్లు తీశారు, ఆ ట్రే ఒక్కటే చూసుకుంటే సరిపోద్ది. కాకపోతే ఒకటి వదిలేసి ఇంకోటి రెండుసార్లు తీస్తే అప్పుడూ 10 వస్తది, అందుకని మూడో గదీ ఎనిమిదో గదీ ఫొటో తెరిచి ట్రేతో పోల్చి చూడటం అక్క అలవాటు చేసుకుంది.

మబ్బు పట్టినప్పుడు

జూలైలో మొదలుపెట్టాం కదా, వాన మబ్బులు. ఖాళీ ఫొటో పదింటికి తీశాం, పదకొండుకి ఆకాశం నల్లబడింది, కెమెరా సెట్టింగులు కట్టేసి ఉన్నాయి కాబట్టి ఫొటోలు చీకటిగా వచ్చాయి, పాత ఖాళీ ఫొటోతో భాగిస్తే కాగితం 1 కాకుండా 0.8 అయ్యింది. ఇది చూడగానే తెలిసే గుర్తు ఒకటుంది, నగ చతురస్రం మధ్యలో చీమంత కనపడి చుట్టూ బూడిద రంగు ఉందంటే, వెనక తెల్లబడకుండా ఒక్కోచోట ఒక్కోలా బూడిద మిగిలింది, దాంతో `-trim` కి ఎక్కడ కోయాలో తెలియలేదు, మొత్తం ఫ్రేమునే నగ అనుకుంది. అందుకని ప్రతి ట్రేకి ముందు కొత్తగా ఒక ఖాళీ ఫొటో, పది సెకన్ల పని, ఆ ట్రేకి దాన్నే `blank.jpg` గా పెట్టాలి. ట్రే మధ్యలో వెలుతురు మారితే ఆ ట్రే మళ్ళీ తీయాలి, దానికి అడ్డదారి నాకు దొరకలా. ఏడాదంతా చేసేవాళ్ళు రెండు ఒకే రకం తెల్ల ఎల్‌ఈడీ బల్బులు కొనుక్కుని కిటికీ మూసేసి తీస్తే ఈ గొడవే ఉండదు, దీపావళి తర్వాత అక్కకీ అదే చేద్దామనుకుంటున్నా.

అన్నీ ఒకే సైజు కనపడటం

ఇది నేను అస్సలు ఊహించని దెబ్బ. స్క్రిప్టు ప్రతి నగనీ 1700 కి పెంచుద్ది కాబట్టి, గోరంత దిద్దులు, అరచేయంత బుట్టకమ్మలు, రెండూ కేటలాగులో ఒకే సైజు. పాత ఫొటోల్లో అక్క చెయ్యో మంచం దుప్పటి పువ్వో కనపడేది, దాన్ని బట్టి జనం అంచనా వేసుకునేవాళ్ళు, మేం వెనకంతా తెల్లగా చేసి ఆ ఆధారం కూడా తీసేశాం. రెండు వారాల్లో ముగ్గురు "ఇంత చిన్నవా" అని అడిగారు, ఒకావిడ తిప్పి పంపేసింది.

ఇప్పుడు ప్రతి నగకీ రెండో ఫొటో ఉంటది, పక్కన పది రూపాయల బిళ్ళ పెట్టి. ఆ బిళ్ళ అడ్డం 27 మిల్లీమీటర్లు, అందరి పర్సులోనూ ఉంటది కాబట్టి కొనేవాళ్ళు తీసి చెవి దగ్గర పెట్టుకుని చూసుకోవచ్చు. దీనికి బ్యాట్ ఫైలు ఇంకో కాపీ చేసి `-fuzz` నించి `+repage` దాకా తీసేశా, `1700x1700` బదులు `2000x2000`, ఫోల్డరు `in` బదులు `sc`, చివర పేరులో `-b` కలిపా. కోయడం లేదు కాబట్టి, స్టాండు ఎత్తు మారనంతవరకూ అన్ని ఫొటోల్లోనూ బిళ్ళ ఒకే సైజు. ట్రేలో పదీ మామూలుగా తీశాక, మళ్ళీ మొదటి గది నించి పదీ బిళ్ళతో తీస్తది, రెండు ఫోల్డర్లలోకి పంచుకోవడం తేలిక.

చిన్న దిద్దులకి ఇంకో చిక్కు. ఫ్రేములో మరీ చిన్నగా ఉన్నదాన్ని 1700 కి సాగదీస్తే మసకబారుద్ది. చిన్నవన్నీ వేరే ట్రేల్లో పెట్టి, స్టాండు ఒక జాన కిందికి దించి, కొత్తగా ఖాళీ ఫొటో తీసుకుని అప్పుడు తీస్తుంది.

లెక్క ఎక్కడికొచ్చింది

ఇప్పుడు ఒక ట్రేకి, రెండు రకాల ఫొటోలూ కలిపి, పద్నాలుగు నిమిషాలు. పన్నెండు ట్రేలకి మూడు గంటల లోపే. తర్వాత లాప్‌టాప్ తన పని తను చేసుకుంటది, అక్క ఆ టైంలో పప్పు పొయ్యి మీద పెడతది. పాత పద్ధతిలో పన్నెండు గంటల్లో నగకి ఒక్కో ఫొటో, ఇప్పుడు మూడు గంటల్లో రెండేసి.

ఆర్డర్ల సంగతి ఉన్నదున్నట్టు చెప్తా. మొదటి వారం ఆరు, అంటే ఏమీ మారలా. అక్క "ఇంత చేసి ఇదా" అని నావైపు చూసింది. రెండో వారం తొమ్మిది, మూడో వారం పదమూడు, శ్రావణమాసంలో వరలక్ష్మీవ్రతం వారం ముప్పై ఒకటి. శ్రావణంలో ఎలాగూ బేరం ఉంటది కాబట్టి ఆ ముప్పై ఒకటి లెక్కలోకి తీసుకోను, భాద్రపదంలో పద్దెనిమిది దగ్గర నిలబడింది, అది నేను నమ్ముతా. ఇద్దరం కూర్చుని ఆ పద్దెనిమిది ఏమేంటా అని పుస్తకం చూశాం. పదకొండు ఇదివరకైతే ఫొటోకే నోచుకోని రకాలు, కాలి మెట్టెలు, జడబిల్లలు, పిల్లల వడ్డాణాలు, "ఇవెవరు కొంటార్లే" అని అక్క చివరికి వదిలేసేవి. ఇంకోటి, బందరు నించి మంగళవారం తెచ్చిన సరుకు బుధవారం సాయంత్రానికి కేటలాగులో ఉంటోంది, అదే సరుకు తెచ్చే పక్క ఊరి షాపులవాళ్ళ కంటే ముందు. ఫొటో అందం చూసి కొన్నారా అంటే, ఒక్కరు కూడా ఆ మాట అనలేదు. "ఫొటోలో ఉన్న రంగే వచ్చిందండీ" అని మాత్రం నలుగురైదుగురు మెసేజీ పెట్టారు. అందుకే బంగారం రంగు ఇంకొంచెం ఎర్రగా పెంచుదామని అక్క అడిగినప్పుడు నేను ఒప్పుకోలా.

వాట్సాప్ కేటలాగులో 500 వస్తువులకి మించి పట్టవు, ఇప్పుడు ఆ సమస్య మొదలైంది, అయిపోయినవి ప్రతి ఆదివారం తీసేస్తోంది.

ముత్యాలు మాత్రం కుదర్లేదు

ముత్యాల దండలు, తెల్ల రాళ్ళ నెక్లెసులు తెల్ల కాగితం మీద పెడితే, కాగితంతో పాటు ముత్యం కూడా తెల్లబడిపోద్ది. సగం ముత్యం మాయం, దారం మాత్రం గాల్లో వేలాడుతుంటది. రెండు నల్ల అట్టముక్కలు నగకి అటూ ఇటూ, ఫ్రేము బయట నిలబెడితే ముత్యం అంచున సన్నటి నల్ల గీతలా ప్రతిబింబం పడి ఆకారం కనపడింది, `-level` లో 95 ని 99 చేసి, `-fuzz` 3 కి తగ్గించా. రాళ్ళకి అది సరిపోయింది. ముత్యాలకి మాత్రం ఎంత చేసినా పాలిపోయినట్టే ఉన్నాయి, ఆ మెరుపు రాదు.

రెండు సాయంత్రాలు నేను అంకెలు మారుస్తా కూర్చుంటే బావ షాపు కట్టేసి పైకొచ్చి చూసి, "ముత్యాలు తెల్ల కాగితం మీద పెట్టి అమ్మేవాణ్ణి ఎక్కడన్నా చూశావా? కొట్లో మనం దేనిమీద పెడతాం?" అన్నాడు. కింద షాపులో అద్దాల పెట్టెలో మెరూన్ మఖ్మల్ గుడ్డ మీద ఉంటాయి. ఆ గుడ్డే పట్టుకొచ్చి టేబుల్ మీద పరిచాడు. దానికి భాగహారం లేదు, కోత లేదు, చతురస్రం చేసి సైజు తగ్గించి పేరు పెట్టే నాలుగు లైన్ల బ్యాట్ ఫైలు వేరే రాశా. ఆ ట్రేలకి T బదులు M అని రాశాం, ఇప్పటికి రెండున్నాయి, వాటి ఫొటోలు బావే తీస్తున్నాడు.